రెడ్ హ్యాట్ లినక్స్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏకు ఏ వెర్షన్ చదవాలి? పాత వెర్షన్ పరీక్ష రిటైర్ అయితే సర్టిఫికెట్ ఏమవుతుంది?

ప్రశ్న: "సార్, మాది పుత్తూరు. తిరుపతిలో బీటెక్ పూర్తి చేశాను. మా సీనియర్ ఇచ్చిన రెడ్ హ్యాట్ 8 పుస్తకం, నోట్సు నా దగ్గర ఉన్నాయి. కోచింగ్‌లో 9 చెబుతున్నారు. ఇప్పుడు 10 వచ్చిందంటున్నారు. రోజుకు రెండు గంటలు చదవగలను, నాలుగు నెలలు పడుతుంది. ఏది చదవాలి? నేను పాసైన తరువాత ఆ వెర్షన్ రిటైర్ అయితే నా సర్టిఫికెట్ చెల్లకుండా పోతుందా?"

పుస్తకం ఏ వెర్షనుదో, కంపెనీల సర్వర్లలో ఏ వెర్షన్ నడుస్తోందో చూసి మీరు నిర్ణయించుకోనవసరం లేదు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష కోడు EX200. మీరు పరీక్షకు కూర్చునే రోజున అది ఏ వెర్షన్ మీద జరుగుతుందో ఆ వెర్షనే చదవాలి. 8ను పరీక్ష కోసమైతే పక్కన పెట్టేయండి. 9, 10లలో ఏదన్నది మీ పరీక్ష తేదీని బట్టి తేలుతుంది, ఆ లెక్క కింద చెబుతాను. రెండో ప్రశ్నకు సమాధానం మరింత సులభం: పరీక్ష రిటైర్ అయినంత మాత్రాన సర్టిఫికెట్ పోదు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ మీరు పాసైన రోజు నుంచి మూడేళ్లు చెల్లుతుంది. ఆ మూడేళ్లలో పాత పరీక్షను తీసేసినా మీ గడువు తగ్గదు.

నేను పదమూడేళ్లుగా లినక్స్ సర్వర్ల పని చేస్తున్నాను. మొదట చెన్నైలో ఉండేవాణ్ణి, ఇప్పుడు తిరుపతి నుంచే చేస్తున్నాను. బైరాగిపట్టెడలో మా ఇంట్లో వారాంతాలలో నలుగురైదుగురు పిల్లలకు ల్యాబ్ చేయిస్తుంటాను. వాళ్లలో చాలామంది మీరు అడిగిన ఈ ప్రశ్న దగ్గరే తడబడతారు. మూడు వేర్వేరు తేదీలను ఒకటిగా భావించడమే దానికి కారణం.

మొదటిది ఉత్పత్తి విడుదలైన తేదీ. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 2019 మేలో వచ్చింది, 9 2022 మేలో, 10 2025 మేలో. మూడేళ్లకు ఒక పెద్ద వెర్షన్ తెస్తామని ఆ సంస్థ ముందే చెప్పింది, అలాగే తెస్తోంది. రెండోది ఆ వెర్షన్ మీద పరీక్ష మొదలయ్యే తేదీ, ఇది విడుదల తేదీ కంటే ఆలస్యంగా వస్తుంది. కొత్త వెర్షన్ బయటికి వచ్చిన రోజునే పరీక్ష మారిపోదు. పాఠ్యాంశాలు, ల్యాబులు తయారై, తరువాత పరీక్ష వస్తుంది, కొంతకాలం పాత పరీక్షా కొత్త పరీక్షా పక్కపక్కనే ఉంటాయి. మూడోది పాత పరీక్షను ఆపేసే తేదీ. చదువుకునేవారికి ఈ రెండో, మూడో తేదీలే ముఖ్యం. కానీ మనవాళ్లు మొదటి తేదీని చూసి కంగారుపడి వెర్షన్ మార్చేస్తారు, లేకుంటే మూడో తేదీని చూడకుండా పాతదాన్నే పట్టుకుని కూర్చుంటారు.

ఉత్పత్తికి మద్దతు ముగిసే తేదీ అని నాలుగోది కూడా ఉంది, దానికీ పరీక్షకూ సంబంధం లేదు. రెడ్ హ్యాట్ ఒక్కో పెద్ద వెర్షన్‌ను పదేళ్లపాటు సంరక్షిస్తుంది, 8కి ఆ గడువు 2029 మే వరకు ఉంది. అందుకే రేపు మీరు ఉద్యోగంలో చేరితే 8 మీద నడిచే సర్వర్లు తప్పకుండా కనిపిస్తాయి. "కంపెనీలో 8 ఉంది కదా, 8 చదివితే తప్పేమిటి?" అని మీ సీనియర్ అనడం సహజమే. ఉద్యోగం కోసమైతే తప్పేమీ లేదు, కానీ పరీక్ష కంప్యూటర్‌లో 8 ఉండదు.

వెర్షన్ ఎక్కడ చూడాలి? కోచింగ్ సెంటర్ కరపత్రంలో కాదు, వీడియో శీర్షికలో కాదు. రెడ్ హ్యాట్ సైటులో EX200 పేజీ తెరిచి, ఈ పరీక్ష ఏ వెర్షన్ ఆధారంగా జరుగుతుందో రాసిన వాక్యాన్ని వెతకండి. EX200 అన్న కోడు ఏళ్ల తరబడి మారలేదు. 7కూ అదే, 8కీ అదే, 9కీ అదే. అందువల్ల "EX200 నోట్సు" అని ఎవరైనా ఇస్తే అది ఏ కాలంనాటిదో ఆ పేరును బట్టి తెలియదు. పేజీలో రెండు వెర్షన్లు కనిపిస్తే, అవి రెండూ నడుస్తున్న కాలంలో మీరున్నారన్నమాట. అప్పుడు బుక్ చేసేటప్పుడు ఏది ఎంచుకున్నారో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. ఒకటే కనిపిస్తే మీ సందేహం అక్కడితో తీరిపోయినట్టే. ఆ పేజీలోనే పరీక్షాంశాల జాబితా ఉంటుంది, దాన్ని ఆ రోజు తేదీతో సహా ప్రింటు తీసి పెట్టుకోండి. పరీక్షకు నెలరోజుల ముందు మళ్లీ తెరిచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. మధ్యలో ఏదైనా చేర్చారా తీసేశారా అన్నది అలా ఖచ్చితంగా తెలుస్తుంది.

ఇక 9, 10ల మధ్య లెక్క. రెండూ అందుబాటులో ఉన్నాయనీ, 9 పరీక్షకు చివరి తేదీ డిసెంబరు 31 అని ప్రకటించారనీ ఉదాహరణకు అనుకుందాం. అది మీ మొదటి ప్రయత్నానికి చివరి తేదీ కాకూడదు. ఒకసారి తప్పితే మళ్లీ రాసే రోజు కూడా ఆ గడువు లోపలే పడాలి, లేకపోతే రెండోసారి కొత్త వెర్షన్ మీద కూర్చోవలసి వస్తుంది. మళ్లీ సిద్ధం కావడానికి నెల రోజులు వదిలితే నవంబరు నెలాఖరు అవుతుంది. చివరి వారాలలో అందరూ ఒక్కసారే బుక్ చేస్తారు కాబట్టి కోరుకున్న రోజు దొరకకపోవచ్చు, అందుకు మరో పదిహేను రోజులు తీసేస్తే నవంబరు 15. మీకు నాలుగు నెలలు, అంటే సుమారు పదహారు వారాలు కావాలన్నారు. నవంబరు 15 నుంచి పదహారు వారాలు వెనక్కి లెక్కిస్తే జులై 26 వస్తుంది. ఆ రోజుకు ముందే మొదలుపెట్టగలిగితే 9 చదవవచ్చు. అది దాటిపోతే, ఇప్పటివరకు 9 ఎంత చదివినా సరే, 10కి మారడమే మంచిది. డిసెంబరు 31 బదులు మీకు కనిపించిన అసలు తేదీని పెట్టి ఇదే లెక్క వేసుకోండి. ఇంకా చివరి తేదీ ప్రకటించకపోతే, నాలుగు నెలల దూరంలో ఉన్నవారు కొత్తదానికే వెళ్లాలని నా అభిప్రాయం. సగం పైగా చదివి, నెల నెలన్నరలో రాయగలిగినవారు మాత్రం వెర్షన్ మార్చకుండా ఉన్నదాన్నే ముగించాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది, ముందే చెప్పాలి. పరీక్ష ఫీజు కట్టి ఉంచుకున్నంత మాత్రాన వెర్షన్ మీ కోసం ఆగదు. ఓచరు మీద రాసి ఉన్న గడువు వేరు, ఆ పరీక్ష ఆగిపోయే తేదీ వేరు. ఓచరుకు ఇంకా ఆరు నెలలు ఉన్నా, ఆ లోపల పాత వెర్షన్ తీసేస్తే మీకు దొరికేది కొత్తదే.

పేరు అదే ఉండి, లోపల అంతా మారిపోయిన సందర్భం ఒకటి చెబుతాను. నేను ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పై స్థాయి అయిన ఆర్‌హెచ్‌సీఈకి చదివే రోజులలో ఆ పరీక్ష EX300, రెడ్ హ్యాట్ 7 మీద జరిగేది. ఎన్ఎఫ్ఎస్, సాంబా, ఐస్కజీ, మరియాడీబీ, నెట్‌వర్క్ టీమింగ్ వంటి సేవలను సర్వర్ మీద అమర్చడమే అందులో పని. 2019లో 8 వచ్చిన తరువాత అదే ఆర్‌హెచ్‌సీఈకి పరీక్ష EX294 అయింది, అది పూర్తిగా అన్సిబుల్ మీద నడిచే ఆటోమేషన్ పరీక్ష. ఒక్కో సర్వర్‌లోకి వెళ్లి చేతితో అమర్చడం కాదు, పది సర్వర్లకు ఒకే ప్లేబుక్ రాయడం. నేను చేరిన శిక్షణ సంస్థ ఆ మార్పు తెలిసిన తరువాత కూడా "ఆర్‌హెచ్‌సీఈ కోర్సు" అనే పేరుతో EX300 పాఠాలే చెప్పింది. నేనూ కోడు అడగలేదు, పేరు చూసి ఫీజు కట్టాను. అయిదు నెలల నోట్సు ఉద్యోగంలో ఎంతో పనికి వచ్చింది, పరీక్షకు మాత్రం మొదటి నుంచి అన్సిబుల్ నేర్చుకోవలసి వచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరు నన్ను అడిగినా, సంస్థలో చేరేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోమంటాను: పరీక్ష కోడు, వెర్షన్ సంఖ్య, కోర్సు ముగిసే నెల. కోర్సు ముగిసే నెలకు ఆ కోడు, ఆ వెర్షన్ బతికి ఉంటాయా లేదా అని మీరే చూసుకోవచ్చు.

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో మార్పులు అంత పెద్దవి కావు. అందువల్ల మీ 8 నోట్సును చెత్తలో వేయకండి. ఫైలు అనుమతులు, వినియోగదారులు, `find`, `grep`, `tar`, ఎల్‌వీఎం, `/etc/fstab`, ఎస్ఈలినక్స్ కాంటెక్స్టులు, ఫైర్‌వాల్ ఆదేశాలు 7 నుంచి దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. ఆ అధ్యాయాలను అలాగే సాధన చేయండి. వేరుచేయవలసింది మారిన భాగాన్నే. అది గుర్తించడానికి నోట్సు వయసు కనిపెట్టడం తెలియాలి. `chkconfig`, `service iptables save` కనిపిస్తే అది 6 నాటిది. `ntpd`, డాకర్ ఆదేశాలు ఉంటే 7 నాటిది, ఎందుకంటే 8లో వాటి స్థానంలో క్రోనీ, పాడ్‌మ్యాన్ వచ్చాయి. `vdo create` అని ఉంటే 8 నాటిది, 9లో ఆ ఆదేశం లేదు, ఆ పని ఎల్‌వీఎంలో కలిసిపోయింది. `dnf module` మీద పెద్ద అధ్యాయం ఉంటే 10కి అది అవసరం లేదు, 10లో మాడ్యూళ్లే లేవు.

వీటన్నింటిలో ప్రమాదకరమైనది నెట్‌వర్క్ అధ్యాయం. అది ఎలా దెబ్బతీస్తుందో మా ల్యాబ్‌లో జరిగిన ఒక ఉదాహరణతో వివరిస్తాను. అసలు పరీక్షలో ఏమడుగుతారో బయట చెప్పకూడదని రాసేవారంతా ఒప్పుకుంటారు, కాబట్టి ఇది నేను స్వయంగా తయారు చేసిన మాదిరి పరీక్ష మాత్రమే. చంద్రగిరి నుంచి వచ్చే ఒక అబ్బాయి సీనియర్ల నోట్సు చదివి, 10 ఉన్న మెషీన్‌లో `/etc/sysconfig/network-scripts/` కింద `ifcfg-enp0s3` అనే ఫైలు రాశాడు. ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్ అన్నీ తప్పు లేకుండా రాశాడు. తరువాత `systemctl restart network` కొట్టాడు, `Unit network.service not found.` అని వచ్చింది. అది పట్టించుకోకుండా `ip addr add` తో చిరునామా ఇచ్చి, పింగ్ వెళ్తోందని తృప్తిపడి తరువాతి ప్రశ్నకు వెళ్లాడు. రెండున్నర గంటలు మిగతా పని చక్కగా చేశాడు. చివరకు నేను మెషీన్‌ను రీబూట్ చేయగానే ఐపీ మాయమైంది. అమర్చినవన్నీ రీబూట్ తరువాత కూడా నిలవాలని రెడ్ హ్యాట్ తన పరీక్షాంశాలలోనే స్పష్టంగా రాస్తుంది. నెట్‌వర్కే లేని మెషీన్‌లో మిగతా పని ఎంత బాగా ఉన్నా దాన్ని చేరుకోవడం ఎలా?

కారణం ఇది. 7, 8లలో ఆ ఫైళ్లే సహజమైన పద్ధతి. 9లో పాత ఫైలు ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ చదువుతుంది గానీ, కొత్తగా చేసే కనెక్షన్లను `/etc/NetworkManager/system-connections/` కింద వేరే రూపంలో దాస్తుంది, పాత `network` సేవ మాత్రం లేదు. 10లో ఆ పాత ఫైళ్లను అసలు చదవదు, దోషం కూడా చూపించదు. ఫైలు ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తప్పు చేశామని తెలియకపోవడమే ఇందులో కష్టం. దీనికి మందు నాలుగు వెర్షన్లలోనూ ఒకే విధంగా పనిచేసే పద్ధతిని నేర్చుకోవడం:

```
nmcli con mod enp0s3 ipv4.addresses 192.168.10.20/24 \
  ipv4.gateway 192.168.10.1 ipv4.dns 192.168.10.1 \
  ipv4.method manual
nmcli con up enp0s3
nmcli -f NAME,FILENAME con show
```

మూడో ఆదేశం ఏ కనెక్షన్ ఏ ఫైలులో ఉందో చూపుతుంది. మీరు రాసిన ఫైలు ఆ జాబితాలో లేకపోతే మీ అమరిక లెక్కలోకి రాలేదని అర్థం. పేరు మీ మెషీన్‌లో వేరుగా ఉండవచ్చు, ముందు `nmcli con show` తో చూసుకోండి. పరీక్ష వెర్షన్ ఏదైనా, మార్పు చేసిన ప్రతిసారీ రీబూట్ చేసి చూసే అలవాటు ఉంటే పాత నోట్సు వల్ల వచ్చే తప్పులలో చాలా వరకు ఇంట్లోనే బయటపడతాయి.

10 ఎంచుకునే ముందు మీ ల్యాప్‌టాప్‌ను పరీక్షించుకోండి. ఈ విషయం కోచింగ్‌లో చెప్పరు. 9 నడవాలంటే ప్రాసెసర్ x86-64-v2 స్థాయిలో ఉంటే చాలు, 10కి x86-64-v3 కావాలి. ఇంటెల్‌లో 2013లో వచ్చిన నాలుగో తరం కోర్ ప్రాసెసర్లు, ఆ తరువాతి కోర్ ప్రాసెసర్లు ఆ స్థాయిలో ఉంటాయి. అయితే సెలెరాన్, పెంటియం పేర్లతో వచ్చిన చవక ప్రాసెసర్లు అంతకంటే చాలా తరువాత వచ్చినవైనా చాలావాటిలో అది ఉండదు. మన దగ్గర సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో చదివేవారు ఎక్కువ, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఏదైనా కొత్త లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి ఈ ఆదేశం కొట్టండి:

```
/lib64/ld-linux-x86-64.so.2 --help | grep x86-64-v
```

`x86-64-v3` పక్కన `supported` అని కనిపిస్తే 10 నడుస్తుంది. కనిపించకపోతే, ఇన్‌స్టాల్ చేయబోయినప్పుడు మొదట్లోనే `CPU does not support x86-64-v3` అని చెప్పి ఆగిపోతుంది. వర్చువల్‌బాక్స్ వాడేవారికి ఒక మాట: ప్రాసెసర్‌లో ఆ శక్తి ఉన్నా, విండోస్‌లో హైపర్-వీ నడుస్తూ ఉంటే వర్చువల్ మెషీన్‌కు అది కొన్నిసార్లు అందదు. లైవ్ పెన్‌డ్రైవ్‌లో `supported` అని వచ్చి, వర్చువల్ మెషీన్‌లో రాకపోతే ముందు అక్కడే అనుమానించండి.

ల్యాప్‌టాప్ సరిపోకపోతే వెంటనే కొత్తది కొనవలసిన పని లేదు. ఆల్మాలినక్స్ సంస్థ తన 10ని v2 ప్రాసెసర్లకు కూడా విడిగా తయారు చేస్తోంది, ఆదేశాల సాధనకు అది చాలు. ప్రాసెసర్ సరిపోయేవారు రెడ్ హ్యాట్ డెవలపర్ ఖాతా తీసుకుంటే అసలైన దాన్నే పదహారు మెషీన్ల వరకు ఉచితంగా పెట్టుకోవచ్చు, అదే మంచిది. రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి, ఒకటి సరిపోదు. పరీక్ష పేజీలో చుక్క తరువాతి అంకె కూడా ఇచ్చి ఉంటే ఆ అంకె ఉన్న ఐఎస్ఓనే దించుకోండి.

సర్టిఫికెట్ గడువు విషయానికి వస్తాను. మూడేళ్ల లోపల మీరు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏను అప్పటి వెర్షన్ మీద మళ్లీ రాయవచ్చు, లేదా ఆర్‌హెచ్‌సీఈ వంటి పై పరీక్ష పాసైతే కింది దాని గడువు కూడా ముందుకు జరుగుతుంది. నేనైతే రెండో దారినే సూచిస్తాను, ఒకే ఫీజుతో రెండు పనులు అవుతాయి. ఆర్‌హెచ్‌సీఈ చేతికి రావాలంటే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ ఆ సమయానికి గడువులో ఉండాలి కనుక, మూడో ఏడు చివరి వరకు ఆగకండి, రెండో ఏడాదిలోనే పెట్టుకోండి. మా కంపెనీలో కొత్తవారిని తీసుకునేటప్పుడు నేనూ ఆ గదిలో ఉంటాను. సర్టిఫికెట్ ఇంకా గడువులో ఉందా అని రెడ్ హ్యాట్ సైటులో సరిచూస్తాను. 9 మీద పాసయ్యారా 10 మీద పాసయ్యారా అన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపలేదు.

ఈ మాట అన్ని సంస్థలకూ వర్తించదు. ఒరాకిల్ జావా సర్టిఫికెట్‌లో వెర్షన్ పేరులోనే ఉంటుంది. జావా 8 మీద పాసైతే ఆ 8 మీ రెజ్యూమెలో ఎప్పటికీ ఉంటుంది, కాబట్టి అక్కడ కొత్త వెర్షన్ ఎంచుకోవడానికి విలువ ఎక్కువ. ఒక సర్టిఫికెట్‌కు రెండు మూడు పరీక్షలు ఉన్నచోట ఇంకా జాగ్రత్త అవసరం. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2016 ఎంసీఎస్ఏకు మూడు పరీక్షలు ఉండేవి, అవన్నీ 2021 జనవరి 31తో ఆగిపోయాయి. అప్పటికి రెండు పాసై మూడోది మిగిలినవారికి ఆ ఎంసీఎస్ఏ రాలేదు, 2019 పేరుతో కొత్త ఎంసీఎస్ఏ కూడా తేలేదు. అలాంటి చోట చివరి పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కించి, అన్నీ గడువులో పడతాయంటేనే మొదటిది కట్టాలి. EX200 ఒకే పరీక్ష కాబట్టి మీకు ఆ భయం లేదు.

ఈ వారంలో EX200 పేజీలో ఏ వెర్షన్ కనిపించిందో, మీ ల్యాప్‌టాప్‌లో పై ఆదేశం ఏం చూపిందో రెండూ ఇక్కడ రాయండి. వాటిని బట్టి రెండు మెషీన్ల ల్యాబ్‌కు ఎంత మెమొరీ, ఎన్ని డిస్కులు పెట్టుకోవాలో విడిగా చెబుతాను.